ఐటీ సపోర్ట్: ఎంతసేపట్లో పలుకుతాం, పలక్కపోతే ఎవరికి చెప్పాలి

ఇది మన ఐటీ సపోర్ట్ టీమ్ మీ అందరికీ రాసిస్తున్న సర్వీస్ లెవెల్ పత్రం. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. రుషికొండ హెడ్డాఫీసు, సిరిపురం సేల్స్ ఆఫీసు, గాజువాక ఆటోనగర్ గొడౌన్, ఇంటి నుంచి పనిచేసేవాళ్లు అందరూ దీని కిందికి వస్తారు. కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్‌లు, ప్రింటర్లు, బార్‌కోడ్ స్కానర్లు, మెయిల్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, వీపీఎన్, ఆఫీసు నెట్ మా బాధ్యత. మీ సొంత ఫోన్లు, ఇంట్లో వైఫై, సీసీ కెమెరాలు మావి కావు, కెమెరాల సంగతి అడ్మిన్ వాళ్లు చూస్తారు.

మాకు ఎలా చెప్పాలి

మామూలుగా అయితే టికెట్ పెట్టండి. నెట్ పోయి టికెట్ పెట్టలేకపోతే ఎక్స్‌టెన్షన్ 444కి చేయండి, ఆఫీసు ఫోను కూడా పనిచేయకపోతే మీ లాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీదున్న డ్యూటీ మొబైల్ నంబర్‌కి చేయండి. ఆ మొబైల్ 24 గంటలూ ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది.

తెలిసిన ఇంజనీర్‌కి వాట్సాప్‌లో మెసేజ్ పెడితే అది టికెట్ కింద లెక్కకు రాదు. ఆ అబ్బాయి సెలవులో ఉండొచ్చు, సర్వర్ రూమ్‌లో ఉండొచ్చు, మీ మెసేజ్ అలా పడి ఉంటుంది, మీరేమో చెప్పాం కదా అనుకుంటూ కూర్చుంటారు, చివరికి పని ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియదు. టికెట్ అయితే టీమ్ మొత్తానికి కనిపిస్తుంది, టైమ్ దాటితే దానంతట అదే పైవాళ్లకి వెళ్తుంది.

టికెట్‌లో "సిస్టమ్ పనిచేయట్లేదు" అని వదిలేయకండి. ఏ ఆఫీసు, ఏ పని ఆగింది, మీ ఒక్కరికేనా పక్కవాళ్లకి కూడానా, స్క్రీన్ మీద ఏం వచ్చింది అన్నది రాసి, ఆ స్క్రీన్ ఫోటో పెట్టండి. నెట్ సమస్య అయితే వీలుంటే ఇది కొట్టి చూడండి:

```
ping 8.8.8.8
```

రిప్లై వస్తూ వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే లైన్ బాగానే ఉన్నట్టు, ఎక్కువగా వెబ్‌సైట్ పేరుని దాని అడ్రస్ నంబర్‌గా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర తేడా అయి ఉంటుంది. ఆ ఒక్క మాట రాసినా మాకు వెతుకులాట చాలా తగ్గుతుంది. కొట్టడం రాకపోతే పర్లేదు, దాని కోసం టికెట్ ఆపకండి.

"పలకడం" అంటే ఏమిటి

మీ టికెట్ అందిందని వచ్చే ఆటోమేటిక్ మెయిల్‌ని మేము రెస్పాన్స్ కింద లెక్కపెట్టం. ఒక మనిషి మీ టికెట్ చదివి, తన పేరు చెప్పి, ఇప్పుడు ఏం చేయబోతున్నాడో మీకు చెప్పినప్పుడే రెస్పాన్స్. "చూస్తున్నాం" అని ఒక్క మాట రాసి టైమ్ లోపల పలికామని లెక్క చూపించడం ఈ టీమ్‌లో కుదరదు. అలా రాసిన టికెట్లని నెలాఖరు రిపోర్టులో టైమ్ దాటినవాటితో కలిపే లెక్కిస్తాం.

పని గంటలంటే ఆఫీసుల్లో సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6:30, గొడౌన్‌లో అవే రోజుల్లో ఉదయం 6 నుంచి రాత్రి 10.

పి1 నుంచి పి4 దాకా

పి1 అంటే ఒక ఆఫీసు మొత్తం ఆగిపోవడం, లేదా డబ్బు, సరుకు, జీతాలు కదలకుండా పోవడం, లేదా ఎలాంటిదైనా సెక్యూరిటీ సమస్య. దీనికి రాత్రీ పగలూ, ఆదివారం, పండగ అన్న తేడా లేదు. 15 నిమిషాల్లో ఇంజనీర్ మీతో ఫోన్లో మాట్లాడాలి, 2 గంటల్లో పని నడిచే తాత్కాలిక దారి చూపాలి, 4 గంటల్లో అసలు సమస్య తీరాలి. ఈలోగా కొత్త విషయం ఉన్నా లేకపోయినా ప్రతి 30 నిమిషాలకీ మీకు కబురు వస్తుంది. ఎదురుచూసేవాళ్లకి ఏమీ తెలియకపోవడమే ఎక్కువ టెన్షన్ పెడుతుంది, అందుకే ఈ అరగంట నియమాన్ని మేము చాలా గట్టిగా పట్టుకున్నాం. ఒక్క షరతు: పి1 అయితే ఫోన్ తప్పనిసరి. ఉత్త మెయిల్ పెడితే అర్ధరాత్రి ఎవరూ చూడరు కాబట్టి మా గడియారం ఫోన్ చేసిన నిమిషం నుంచే మొదలవుతుంది.

పి2 అంటే ఒక టీమ్ పని సగం పైన కుంటుపడటం, లేదా ఒక్కరిదే అయినా ఆ రోజు తప్పించలేని పని ఆగడం. పని గంటల్లో 30 నిమిషాల్లో పలుకుతాం, 8 పని గంటల్లో తీరుస్తాం. పి3 అంటే ఒక్కరికి ఇబ్బంది, కానీ వేరే దారిలో పని సాగుతోంది, ఉదాహరణకి మీ ఫ్లోర్ ప్రింటర్ పాడై కింది ఫ్లోర్‌లో తీసుకుంటున్నారు. 4 పని గంటల్లో పలుకుతాం, 3 పని దినాల్లో తీరుస్తాం. శుక్రవారం సాయంత్రం 5:30కి హెడ్డాఫీసు నుంచి పి3 పెడితే ఆ రోజు ఒక గంట, శనివారం మూడు గంటలు లెక్క, అంటే శనివారం మధ్యాహ్నం 12:30 లోపు మీకు ఫోన్ రావాలి.

పి4 అంటే ఏదీ పాడవలేదు, మీకు కొత్తగా ఏదో కావాలి. సాఫ్ట్‌వేర్, ఫోల్డర్ యాక్సెస్ లాంటివి. ఒక పని దినంలో పలుకుతాం, 5 పని దినాల్లో ఇస్తాం. లాప్‌టాప్ స్టాకులో లేకపోతే కొనడానికి 15 పని దినాలు పడుతుంది. కొత్తగా చేరేవాళ్ల గురించి మేనేజర్లు కనీసం 5 పని దినాల ముందు చెప్పండి, చేరిన రోజు పొద్దున్న చెబితే ఆ మనిషి మొదటి వారం ఖాళీగా కూర్చోవాల్సి వస్తుంది.

లెవెల్ మీరు ఎంచుకుంటారు. మాకు వేరేగా అనిపిస్తే మీతో మాట్లాడాకే మారుస్తాం, చెప్పకుండా తగ్గించం. అకౌంట్స్ వాళ్ల టికెట్లు మాత్రం టీడీఎస్ కట్టే 7వ తేదీ, జీఎస్టీఆర్-1కి 11, జీఎస్టీఆర్-3బీకి 20, ఈ తేదీలకి ముందురోజు, ఆ రోజు కూడా అడగకుండానే ఒక మెట్టు పైకి వెళ్తాయి. జీతాలు వేసే వారం అంతా అంతే.

గడియారం ఎప్పుడు ఆగుతుంది

మీ నుంచి జవాబు రావాల్సి ఉంటేనే, తుపాను రోజుల సంగతి కింద వేరేగా చెప్పాం. పి3, పి4లో రెండు పని దినాల్లో మూడుసార్లు అడిగినా మీరు పలక్కపోతే టికెట్ మూసేస్తాం, మీరు తిరిగి రాస్తే అదే నంబర్ మీద తెరుస్తాం.

వెండర్ దగ్గర ఉందని చెప్పి గడియారం ఆపం. దీని మీద టీమ్‌లో చాలా చర్చ జరిగింది. నెట్ లైన్ ఇచ్చే కంపెనీ ఆలస్యం చేస్తే మా చేతుల్లో ఏముంది అనేది ఇంజనీర్ల వైపు నుంచి న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ కంపెనీని ఎంచుకున్నది మేము, ఒప్పందం రాసుకున్నది మేము, వాళ్ల సపోర్ట్ నంబర్ ఉన్నదీ మా దగ్గరే. గొడౌన్‌లో స్కానర్ పట్టుకున్న మనిషికి మేమే కనిపిస్తాం. అందుకని వెండర్ ఆలస్యం మా లెక్కలోనే పడుతుంది, వాళ్లతో రాసుకునే ఒప్పందంలో మా 4 గంటలకి సరిపోయే టైమ్ పెట్టించుకోవడం మా పని. ప్రభుత్వ పోర్టల్ ఆగిపోతే మాత్రం మేము తీర్చలేం, సమస్య అటువైపే ఉందని నిర్ధారించుకుని వెంటనే చెబుతాం.

పైకి ఎలా వెళ్తుంది

డెస్క్, ఆ పైన సిస్టమ్స్ లేదా నెట్‌వర్క్ ఇంజనీర్, ఆ పైన టీమ్ లీడ్, ఐటీ మేనేజర్, ఆపరేషన్స్ హెడ్. డెస్క్‌లో 30 నిమిషాలు కుస్తీ పట్టినా కారణం దొరక్కపోతే ఇంజనీర్‌కి ఇచ్చేయాలి, అది డెస్క్ వాళ్ల లోపం కింద ఎవరూ చూడకూడదు. ఇచ్చేటప్పుడు అప్పటిదాకా ఏం చేశారో టికెట్‌లో రాయాలి, మీ చేత కథ మళ్లీ మొదటి నుంచి చెప్పించకూడదు.

పి1లో 15 నిమిషాలకి ఎవరూ పలక్కపోతే టీమ్ లీడ్‌కి, 30కి ఐటీ మేనేజర్‌కి ఫోన్ దానంతట అదే మోగుతుంది. 2 గంటలకి తాత్కాలిక దారి కూడా దొరక్కపోతే ఆపరేషన్స్ హెడ్‌కి. ఒక ఉదాహరణ చెబుతాం. రాత్రి 7:10కి ఆటోనగర్‌లో లారీలు లోడయ్యాయి, బిల్లింగ్ ఆగి ఈ-వే బిల్లులు రావట్లేదు. 50,000 రూపాయలు దాటిన సరుకు సాధారణంగా ఆ బిల్లు లేకుండా గేటు దాటకూడదు, డ్రైవర్లు అక్కడే ఉండిపోతారు. 7:25 లోపు ఇంజనీర్ మాట్లాడాలి, లేకపోతే లీడ్, 7:40కి మేనేజర్. సమస్య నెట్‌దే అయితే హాట్‌స్పాట్ మీద వేరే లాప్‌టాప్‌తో బిల్లులు తీయించడం తాత్కాలిక దారి. 9:10కి అది కూడా కాకపోతే లారీలు ఆపాలా, మర్నాడు పంపాలా అన్నది ఆపరేషన్స్ హెడ్ నిర్ణయం, ఆ భారం గొడౌన్ సూపర్‌వైజర్ మీద పడకూడదు.

పి2లో 4 పని గంటలకి కారణం తేలకపోతే లీడ్‌కి, 8 దాటితే మేనేజర్‌కి. పి3, పి4లో టైమ్ దాటిన రోజు లీడ్‌కి వెళ్తుంది. ఇవి కాక మీకు నచ్చకపోతే ఎప్పుడైనా టికెట్‌లో "ఎస్కలేట్" నొక్కండి. అలా నొక్కినందుకు మీ మీద ఎవరూ మొహం మాడ్చుకోకూడదు, అలా జరిగితే నేరుగా ఐటీ మేనేజర్‌కి చెప్పండి.

సెక్యూరిటీ విషయం వేరు

లాప్‌టాప్ పోయినా, అనుమానం ఉన్న లింకు నొక్కినా, పాస్‌వర్డ్ ఎవరికో ఇచ్చేసినా వెంటనే డ్యూటీ మొబైల్‌కి చేయండి. మిషన్ ఆఫ్ చేయకండి, నెట్ కేబుల్ తీసేసి వైఫై ఆపండి చాలు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వాళ్లు జాబితాలో చెప్పిన సైబర్ ఘటనలని గమనించిన 6 గంటల్లో తెలియజేయాలి, మీరు భయపడి తెల్లారేదాకా దాచితే ఆ గడువు మన చేతుల్లోంచి పోతుంది. అందుకే తానుగా వచ్చి చెప్పినవాళ్లని ఈ విషయంలో ఎవరూ తిట్టరు, హెచ్‌ఆర్ కూడా దీనికి ఒప్పుకుంది. డబ్బు పోతే మాకు చెప్పడంతో పాటు 1930కి కూడా ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బుని బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ.

తుపాను రోజుల్లో

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన ఊళ్లో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. మన తీరంలో అక్టోబర్, నవంబర్ నెలలు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. వాతావరణ శాఖ విశాఖ జిల్లాకి రెడ్ అలర్ట్ ఇస్తే పి3, పి4 గడువులు ఆగుతాయి, సిస్టమ్స్‌లో ఎలాంటి మార్పులూ చేయం, బ్యాకప్‌లు ముందురోజే ఊరి బయటి సర్వర్‌కి పంపేస్తాం. పి1కి ఫోన్లో 15 నిమిషాల మాట అలాగే ఉంటుంది, ఫోన్లు పనిచేస్తున్నంత వరకు. కానీ గాలి తగ్గేదాకా ఏ ఇంజనీర్‌నీ బండి మీద గొడౌన్‌కి పంపం, ఎంత సరుకు ఆగినా సరే.

లెక్క ఎక్కడ కనిపిస్తుంది

ప్రతి నెల 5వ తేదీకి గత నెల లెక్క నోటీసు బోర్డులో, ఇంట్రానెట్‌లో పెడతాం. ఏ లెవెల్‌లో ఎన్ని టికెట్లు, ఎన్ని టైమ్ దాటాయి, ఎందుకు దాటాయి అన్నవి అందులో ఉంటాయి. పి1, పి2 నూటికి 95, పి3, పి4 నూటికి 90 గడువులోపల తీర్చాలి. వరసగా రెండు నెలలు దానికి తగ్గితే ఐటీ మేనేజర్ మీ డిపార్ట్‌మెంట్ హెడ్‌లతో కూర్చుని ఏం మారుస్తారో రాసివ్వాలి. ఈ అంకెల్ని అక్టోబర్‌లో మళ్లీ చూస్తాం, మార్చాలనుకున్నవి సెప్టెంబర్ 15 లోపు టికెట్‌గానే పెట్టండి, పి4లో.