తమ్ముడికి: నువ్వు పంపిన పట్టికకి కనిష్ఠ వర్గాల రేఖ

తమ్ముడూ, ఫోటో చూశాను. పేజీ మడత దగ్గర నీడ పడింది. మూడో వరుసలో y విలువ 21లా ఉంది, 27లా కూడా ఉంది. అడుగున మొత్తం 110 అని మాత్రం బాగానే కనిపిస్తోంది. మిగతా నాలుగూ కూడితే 14 + 17 + 28 + 30 = 89. 110లోంచి 89 తీసేస్తే 21. కాబట్టి అది 21.

నీకు వాలు 0.14 వచ్చిందన్నావు. లెక్క జోలికి వెళ్లకముందే ఒకసారి పట్టిక చూడు. చదివిన గంటలు (x) 2 నుంచి 8కి పెరిగితే, 40కి వచ్చిన మార్కులు (y) 14 నుంచి 30కి పెరిగాయి. ఆరు గంటలకి 16 మార్కులు, అంటే గంటకి రెండున్నర పైనే. 0.14 రావడానికి వీల్లేదు.

ఇప్పుడు నిలువు వరుసలు వేద్దాం:

| x | y | x² | xy |
|---|---|---|---|
| 2 | 14 | 4 | 28 |
| 3 | 17 | 9 | 51 |
| 5 | 21 | 25 | 105 |
| 7 | 28 | 49 | 196 |
| 8 | 30 | 64 | 240 |
| 25 | 110 | 151 | 620 |

```
b = (nΣxy − Σx·Σy) / (nΣx² − (Σx)²)
  = (5×620 − 25×110) / (5×151 − 25²)
  = (3100 − 2750) / (755 − 625)
  = 350 / 130 = 2.692
```

నువ్వు తప్పింది హారంలో. Σx² దగ్గర 151 బదులు 625 వేశావు. 350ని 2500తో భాగిస్తే వచ్చేది సరిగ్గా నీ 0.14. Σx² అంటే ముందు ఒక్కో x వర్గం చేసి, తర్వాత కూడాలి. (Σx)² అంటే ముందు కూడి, తర్వాత వర్గం చేయాలి. రెండూ ఒకే సూత్రంలో పక్కపక్కనే ఉంటాయి, టెన్షన్‌లో ఒకటి అనుకుని ఇంకొకటి వేసేస్తాం. అందుకే x² వరుస విడిగా రాయమని అంత గట్టిగా చెబుతాను. పరీక్షలో ఆ వరుస ఎప్పుడూ మానొద్దు.

x సగటు 5, y సగటు 22. a = 22 − 2.692×5 = 8.54.

y = 8.54 + 2.69x

ఇక్కడ సగటులు పూర్ణసంఖ్యలు కాబట్టి సరిచూసుకోవడం చాలా తేలిక. సగటు నుంచి x విచలనాలు −3, −2, 0, 2, 3. y విచలనాలు −8, −5, −1, 6, 8. లబ్ధాల మొత్తం 24 + 10 + 0 + 12 + 24 = 70. x విచలనాల వర్గాల మొత్తం 26. 70/26 కూడా 2.692 అయింది. చిన్న సంఖ్యలు కదా, నాకైతే ఈ దారే ఇష్టం. సగటు దశాంశాల్లో వస్తే మాత్రం పై సూత్రమే నయం.

చివరి ప్రశ్న, 6 గంటలు చదివితే ఎన్ని మార్కులు: 8.54 + 2.69×6 = 24.68, సుమారు 25. ఈ రేఖని 20 గంటలకి వాడకు, 40 మార్కుల పరీక్షలో 62 వస్తాయని చూపిస్తుంది. పట్టికలో ఉన్నది 2 నుంచి 8 వరకే.

గ్రాఫ్ మీద (5, 22), (0, 8.54) గుర్తు పెట్టి స్కేలుతో కలుపు. మూడో బిందువు గీతకి సరిగ్గా ఒక మార్కు కింద పడాలి. పడిందో లేదో చూసి నాకు ఫోటో పెట్టు, ఈసారి పేజీ చదునుగా పరిచి తియ్యి.