సునీతకు, మొదటి వారం గురించి

అమ్మా సునీతా,

సోమవారం నుంచి నాలుగో తరగతి నీది. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు. మొదటి పాఠం ఎప్పుడు మొదలుపెట్టాలని ఫోన్‌లో అడిగావు. ఈ వారం సిలబస్ జోలికి వెళ్లకు. ఈ ఆరు రోజుల్లో నీకు రెండు పనులే ఉన్నాయి. క్లాసులో ఏ పని ఎలా జరగాలో పిల్లలకు అలవాటు చెయ్యాలి, ఎవరికి ఎంతవరకు వచ్చో తెలుసుకోవాలి. ఇవి కుదిరాయంటే పాఠాలు వాటంతటవే నడుస్తాయి.

శనివారమే ఒకసారి గదికి వెళ్లు. బెంచీలు లెక్కపెట్టు, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూడు. బోర్డు మీద రెండు లైన్లు రాసి, చివరి బెంచీలో కూర్చుని చదువు. కిటికీ వెలుగు బోర్డు మీద పడితే ఆ మూల ఉన్నవాళ్లకు ఏమీ కనపడదు, వాళ్లే ముందు అల్లరి మొదలుపెడతారు. హాజరు పట్టీ తీసుకుని పేర్లు పైకి చదువుకో. పలకడం రానివి పోయినేడాది టీచర్‌ను అడుగు. పేర్లవరకే అడుగు. 'వాడు మొద్దు, వీడు రౌడీ' లాంటి మాటలు ఇప్పుడే చెవిన వేసుకోకు.

సోమవారం ప్రేయర్ అవగానే పిల్లలకంటే ముందు వెళ్లి గుమ్మంలో నిలబడు. ఎవరెక్కడ కూర్చోవాలో నువ్వే చెప్పు, పొట్టివాళ్లు ముందు, కళ్లజోడు ఉన్నవాళ్లు ఇంకా ముందు. ఆ రోజు మూడు అలవాట్లు చాలు: నిశ్శబ్దానికి గుర్తు, నీళ్లకూ టాయిలెట్‌కూ అడిగి వెళ్లడం, నోటుబుక్కులు పంచి తిరిగి తీసుకోవడం. నిశ్శబ్దానికి చెయ్యి పైకెత్తి, అయిదు నుంచి ఒకటి దాకా మెల్లగా లెక్కపెట్టు. ఒకటి అన్నాక కూడా ఇద్దరు మాట్లాడుతుంటే నోరు తెరవకు, ఆగు. కొత్త టీచర్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. గోలలోనే గొంతు పెంచి చెప్పేస్తారు, గోల చేసినా క్లాసు నడుస్తుందని పిల్లలకు అర్థమైపోతుంది. గొంతు కూడా గురువారానికల్లా పోతుంది.

మధ్యాహ్న భోజనానికి లైను ఎలా కట్టాలో పదకొండు గంటలకే ఖాళీ చేతులతో రెండుసార్లు చేయించు. చేతులు కడగడం, ప్లేటు పట్టుకోవడం, తిరిగి లోపలికి రావడం, అన్నీ. ఆకలి మీద ఉన్న పిల్లలకు అప్పటికప్పుడు నేర్పబోతే తోపులాటే.

మంగళవారం నుంచి ఒక్కొక్కరినీ నీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించు. మనిషికి మూడు నిమిషాలు. రోజుకు పదముగ్గురు చొప్పున గురువారానికి అయిపోతుంది. ముందు అక్షరాలు, తర్వాత గుణింతాలున్న చిన్న పదాలు, ఒత్తులున్నవి, ఆ తర్వాత నాలుగు వాక్యాల పేరా. ఎక్కడ ఆగితే అక్కడే ఆపి రాసుకో. అప్పుడు దిద్దకు, మొహం మార్చకు. ఆ సమయంలో మిగతావాళ్లకు నీ సాయం అక్కర్లేని పని ఉండాలి: వాళ్ల ఇంటి బొమ్మ గీసి ఇంట్లోవాళ్ల పేర్లు రాయడం లాంటిది.

లెక్కల్లో 53లోంచి 27 తీసెయ్యమను. కొందరు 34 అని రాస్తారు. తప్పని ఇంటూ కొట్టి వదిలెయ్యకు. మూడులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి మూడు తీసి నాలుగు వేశారు, అయిదులోంచి రెండు తీసి మూడు వేశారు. అంటే తీసివేత వచ్చు, పదిని విడగొట్టి ఒకట్లలో కలపడం రాదు. వాళ్లకు కావలసింది అగ్గిపుల్లల కట్టలు, మళ్లీ ఇరవై లెక్కలు కాదు. ఏమీ రాయకుండా కూర్చున్న బిడ్డ సంగతి వేరు.

మీ బస్తీలో ఉర్దూ, హిందీ ఇళ్ల పిల్లలు కూడా ఉంటారు. తెలుగులో అడిగితే మాట్లాడలేదని రాదనుకోకు. అదే లెక్క వాళ్ల భాషలో పక్కపిల్లతో అడిగించి చూడు.

అల్లరి చేసినవాడి దగ్గరికి నడిచి వెళ్లి, పేరు మెల్లగా పిలిచి, పని చూపించు. ఒకడి కోసం క్లాసంతటినీ నిలబెట్టకు. కొట్టడం మాటే వద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలనే కాదు, మనసు నొప్పించే శిక్షలనూ నిషేధించింది. బయట మోకాళ్ల మీద కూర్చోబెట్టడం లాంటివాటికీ దిగకు.

సాయంత్రం గేటు దగ్గర రోజుకు నలుగురు తల్లులతో మాట్లాడు. బిడ్డ చేసిన ఒక మంచి పని చెప్పు, ఫోన్ నంబరు సరిచూసుకో. మొదటి మాటే ఫిర్యాదైతే రెండోసారి వాళ్లు గేటు దాకా రారు.

శనివారం నీ నోట్స్ ముందేసుకుని పిల్లలను మూడు గుంపులు చెయ్యి: అక్షరాల దగ్గర ఆగినవాళ్లు, పదాల దగ్గర ఆగినవాళ్లు, పేరా చదివేవాళ్లు. గుంపులకు పేర్లు పెట్టకు, పిల్లలు ఇట్టే పసిగడతారు. ఆ కాగితం తీసుకుని ఆదివారం ఇంటికి రా, రెండో వారం ప్లాన్ కలిసి రాద్దాం.

ఆశీస్సులతో,
శారద