పీటీ స్ట్రెస్సింగ్ రికార్డు: రెండో అంతస్తు స్లాబ్, టెండన్ టీ-7

సైటు: హనుమకొండ, వాణిజ్య భవనం. తేదీ: 18-02-2025, ఉదయం.
క్యూబ్ బలం 27.5 ఎంపీఏ (కావలసింది 25).
స్ట్రాండ్ 12.7 మి.మీ., వైశాల్యం 98.7 చ.మి.మీ., ఈ = 195 జీపీఏ, పొడవు 24 మీ., ఒక వైపు నుంచే లాగడం.
జాక్ బలం 137.8 కేఎన్; ఘర్షణ పోగా సగటు 125 కేఎన్.

లెక్క సాగుడు: 125000 × 24000 ÷ (98.7 × 195000) = 156 మి.మీ.
డ్రాయింగ్ ప్రకారం ±5 శాతం, అంటే 148 నుంచి 164 వరకు.

కొలిచినవి:
1వ స్ట్రాండ్: 154 (−1.3%)
2వది: 158 (+1.3%)
3వది: 151 (−3.2%)
4వది: 143 (−8.3%), తిరస్కరించాం

20 శాతం బలం దగ్గర పెయింట్ గుర్తు పెట్టి, అక్కడి నుంచి పూర్తి బలం దాకా కొలిచి 1.25తో హెచ్చించాం. మొదటి వదులు లెక్కలోకి రాకుండా ఇలా చేస్తాం. కొలత లాక్ చేయకముందుది, కాబట్టి వెడ్జ్ జారుడు ఇందులో లేదు.

4వ దానికి గేజ్ కాలిబ్రేషన్ చార్టుతో సరిపోయింది. బలం పూర్తిగా వచ్చినా సాగుడు తగ్గిందంటే ఘర్షణ ఎక్కువ. డక్ట్‌లో పక్క స్ట్రాండ్ కింద ఇరుక్కుని ఉంటుందని నా అంచనా. బలం వదిలి మళ్లీ లాగితే 149 (−4.5%) వచ్చింది. హద్దులోనే, కానీ అంచున. అందుకే కన్సల్టెంట్ సంతకం అయ్యేదాకా ఈ టెండన్ తోకలు కోయం, గ్రౌట్ పోయం.