ఆటో రిప్లై: సెలవులో ఉన్నాను, ఫిబ్రవరి 18 బుధవారం వస్తాను

నమస్తే.

మీ మెయిల్ చేరింది. 2026 ఫిబ్రవరి 9 సోమవారం నుంచి 17 మంగళవారం దాకా నేను సెలవులో ఉన్నాను. 18 బుధవారం పొద్దున 10 గంటలకు జడ్చర్ల ఆఫీసులో ఉంటాను.

శివరాత్రికి మా ఊరి స్వాములతో కలిసి శ్రీశైలం నడిచి పోతున్నాను. మన్ననూరు దాటి అమ్రాబాద్ అడవిలోకి పోయినంక చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. మధ్యలో చూసి జవాబిస్తానని మాట ఇవ్వలేను. నా సెల్లుకు చేసి ఎదురుచూడకండి.

పైసల సంగతి సుజాతక్క చూస్తారు. తక్‌పట్టీ మీది నంబరు, బస్తాల లెక్క, తూకం మూడూ కనబడేటట్టు ఫోటో తీసి, సబ్జెక్టులో "పైసలు" అని రాసి ఈ అడ్రసుకే పంపండి. ఆ మాట ఉన్న మెయిల్ నేరుగా అక్కకు పోయేటట్టు పెట్టాను. ఫోన్ చేయాలంటే ఆఫీసు నంబరుకు చేసి 14 అడగండి, పొద్దున 10 నుంచి సాయంత్రం 5 దాకా. సంతకం బాధ్యత అక్కకు రాసిచ్చాను కాబట్టి నేను లేనని ఎవరి పైసలూ ఆగవు. బ్యాంకు ఖాతా నంబరు మార్చమని వచ్చిన మెయిళ్లను మాత్రం ఎవరూ ముట్టరు. 18 తర్వాత నేనే మీకు ఫోన్ చేసి, అడిగి, మారుస్తాను.

తూకం, లారీ, గన్నీ సంచులకు యూసుఫ్ భాయ్: అదే నంబరు, 21, పొద్దున 7 నుంచి. పల్లీ తెచ్చేవాళ్లు కాయను చెవి దగ్గర ఊపి చూడండి. గింజ గలగలమంటేనే బస్తాకెత్తండి. పచ్చిది బస్తాలో వేడెక్కి బూజు పడుతుంది, ధర మీకే తగ్గుతుంది.

15 ఆదివారం ఆఫీసు ఉండదు.

పోయినేడు "సెలవులో ఉన్నాను" అని ఒక్క ముక్క పెట్టి పోయాను. ఊర్కొండ దిక్కు రైతు ఒకాయన నా జవాబు కోసం రెండు రోజులు బస్తాలు కల్లంలోనే పెట్టుకుని కూర్చున్నారు. ఆయన కష్టం నా మీదే ఉంది. అందుకే ఈసారి ఇంత వివరంగా రాశాను. లారీ వాళ్లకు, ఉర్దూ మాట్లాడే మనవాళ్లకు ఇదే సంగతి కింద ఉంది. చదవరానివాళ్లకు చదివి వినిపించేందుకు వీలుగా తెలుగు అక్షరాల్లోనే పెట్టాను.

సలామ్.

ఆప్ కా మెయిల్ మిల్ గయా. మైఁ 9 ఫిబ్రవరీ, పీర్ సే 17 ఫిబ్రవరీ, మంగల్ తక్ ఛుట్టీ పర్ హూఁ. 18 ఫిబ్రవరీ, బుధ్ కో సుబహ్ 10 బజే జడ్చర్ల దఫ్తర్ మేఁ మిలూఁగా. మేరా ఫోన్ నహీఁ లగేగా.

పైసోఁ కే లియే: సుజాతక్క, దఫ్తర్ కా నంబర్, 14, సుబహ్ 10 సే షామ్ 5 తక్.
తౌల్, లారీ ఔర్ బోరోఁ కే లియే: యూసుఫ్ భాయ్, వహీ నంబర్, 21, సుబహ్ 7 బజే సే.
ఇత్వార్, 15 తారీఖ్ కో దఫ్తర్ బంద్ రహేగా.

నర్సింహులు
కొనుగోళ్లు, చెల్లింపులు
రైతు సంఘం ఆఫీసు, జడ్చర్ల