పిండి అంటిన వేళ్లు

మా నాయనమ్మకు ఉన్నది ఒక్కటే ఫొటో, అందులోనూ ఆమె ముఖం సరిగా కనిపించదు. వెనుకవైపు తాతయ్య చేతిరాతలో ‘జనవరి 1967, చిక్కడపల్లి’ అని ఉన్న ఆ చిన్న చదరపు బొమ్మలో తాతయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నారు, ముగ్గురు పిల్లలు ఎత్తుల వారీగా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు, కుడివైపు చివర కుర్చీ వీపును పట్టుకున్న నాయనమ్మ ముఖం మాత్రం పొగ కమ్మినట్లు అలుక్కుపోయింది.

పక్కింటివారిని అడిగి తెచ్చిన పెట్టె కెమెరా అది. ఒక రీలుకు పన్నెండు ఫొటోలే వచ్చేవి కాబట్టి రెండోసారి తీయాలన్న ఆలోచన ఎవరికీ వచ్చి ఉండదు. అటువంటి కెమెరాల షట్టర్ నెమ్మదిగా పడేది. ఆ రెప్పపాటులో మనిషి కదిలితే ఆ కదలికే ఫిల్ముపై మిగిలిపోయేది.

నిరుడు ఆ ఫొటోను బాగుచేయించాలని ఆబిడ్స్‌లోని ఒక స్టూడియోకు తీసుకువెళ్లాను. అక్కడి కుర్రవాడు దానిని స్కాన్ చేసి తెరపై పెద్దది చేసినప్పుడు, కుర్చీని పట్టుకున్న నాయనమ్మ వేళ్ల కొసల్లో తెల్లని మచ్చలు కనిపించాయి. బూజు పట్టిందని, తుడిచేస్తానని, ముఖానికి కూడా స్పష్టత తెస్తానని అతడు అన్నాడు. ఎందుకో ఒప్పుకోలేక, రెండు రోజులు ఆగమని చెప్పి, ఆ ప్రతిని ఫోనులో వేసుకుని మల్కాజిగిరిలో ఉన్న మా పెద్ద మేనత్త దగ్గరకు వెళ్లాను.

అత్త ముఖం వైపు చూడనే లేదు, వేళ్లనే చూసింది.

“బూజు కాదు బిడ్డా, బియ్యప్పిండి. సకినాలు చేస్తుండె ఆ పొద్దు. మూకుట్ల నూనె కాగుతుండె. నాయిన పిలిస్తే గట్లనే లేచొచ్చింది గని మనసంత పొయ్యి మీదనే. ఫొటో పడేదాక ఆగలె.”

ఇన్నేళ్లుగా ఆ ఫొటోలో చెడిపోయిన భాగమని నేను అనుకున్నదే, నిజానికి అందులో నాయనమ్మ గురించి దొరికే ఏకైక సమాచారం. మిగిలిన నలుగురూ కెమెరా కోరినట్లు నిలిచారు. ఆ భంగిమలో వారి ఆనాటి బతుకు ఏమీ తెలియదు. ఆమె ఒక్కతే చేస్తున్న పని మధ్యలోంచి వచ్చి, తిరిగి ఆ పనిలోకే వెళ్లిపోతూ ఫొటోలో పడింది. తడిబట్ట మీద పిండిని చుట్లు చుట్లుగా తిప్పిన వేళ్లు అవి. కడుక్కునేందుకైనా ఆమెకు తీరిక ఇవ్వకుండా పిలిచారన్న సంగతి నన్ను ఇప్పటికీ నొప్పిస్తుంది. మాకు ముఖం గుర్తులేదని బాధపడ్డాం కానీ, ఆమె చేతుల గురించి ఎవరమూ అడగలేదు.

మరునాడు స్టూడియోకు వెళ్లి, ముఖాన్ని ముట్టుకోవద్దని చెప్పాను. కుర్రవాడు నడుమ ఉన్న మడత గీతను మాత్రమే తీసేసి, వేళ్ల మీది తెలుపును అలాగే ఉంచాడు.