బంగారం కిలో 55

హనుమకొండ చౌరస్తాలో ఎక్కిన షేర్ ఆటో నన్ను మడికొండలో దింపేసరికి ఎనిమిదిన్నర. లాగిన్ అవగానే స్క్రీన్ మూలన ఒక అంకె కనిపించింది: 214. అన్నీ సోషల్ మీడియాలో జనం రిపోర్ట్ కొట్టిన పోస్టులు. కింద మూడు బటన్లు: ఉంచు, తీసేయి, పైకి పంపు. ఒక్కోదానికి 40 సెకన్లు.

చెయ్యి చెమటకు మౌస్ జారుతోంది. చున్నీకి తుడుచుకుని మళ్ళీ పట్టుకున్నాను. ట్రైనింగ్‌లో 93 మార్కులు తెచ్చుకున్నదాన్నే. కానీ అవి మాకోసం తయారుచేసిన పోస్టులు. ఇవి ఎవరో నిజంగా రాసుకున్నవి.

మొదటిది, బైక్ మీద ఫోజు కొట్టిన పిల్లాడి ఫొటో. కింద ఒకామె: "నీ తోలు తీస్త బిడ్డా, ఇంటికి రా." రిపోర్ట్ కారణం: బెదిరింపు. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. నేను డిగ్రీలో బంక్ కొట్టి భద్రకాళి చెరువు కట్ట మీద దొరికిన రోజు మా అమ్మ అన్న మాటే ఇది. అయినా భయమే, బటన్ నొక్కడానికి 38 సెకన్లు పట్టింది. ఉంచు.

తర్వాతది లోన్ ఇప్పిస్తామని ఆధార్, ఓటీపీ అడుగుతున్న పోస్టు. ఆలోచించలేదు. తీసేశాను.

మూడోదానికి ఆగిపోయాను. చీకట్లో తీసిన గోనె సంచుల ఫొటో. "నిలువెత్తు బంగారం. ఎన్ని కిలోలైనా ఉంది. కిలో 55. తూకం గ్యారంటీ." రిపోర్ట్ కారణం: మోసం.

నవ్వొచ్చింది. మేడారం జాతరకు ఇంకా 10 రోజులే. ఉంచు.

నిమిషం తిరక్కముందే టీమ్ లీడ్ నా కుర్చీ వెనక నిలబడ్డారు. ఆయనది చెన్నై. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. పక్కన పడే ఇంగ్లిష్ అనువాదమే దిక్కు.

"బంగారం కిలో 55 రూపాయలా? దీన్ని ఉంచారా?"

"సార్, అది బెల్లం."

"బంగారం అని రాసుంది కదా?"

"సమ్మక్క సారలమ్మలకు ఇచ్చే బెల్లాన్ని మేం బంగారమనే అంటం సార్. మనిషిని తక్కెడలో కూసోబెట్టి ఆ బరువంత మొక్కు చెల్లిస్తరు." భయంలో ఇంటి మాటలే వచ్చేశాయి.

ఆయన నమ్మినట్టు లేరు. పొద్దున అమ్మ బ్యాగులో పెట్టిన పొట్లం గుర్తొచ్చింది. మేనత్త ముందే వెళ్ళి మొక్కు చెల్లించి తెచ్చిన ప్రసాదం. కాగితం విప్పి చూపించాను. ఎండి రాయిలా అయిన ముక్క, అంచుకు పసుపు, ఒక వెంట్రుక కూడా. వెంట్రుక తీసేసి కొసన విరిచి ఇచ్చాను.

నోట్లో వేసుకుని కాసేపు చప్పరించారు.

"ఇలాంటివి ఇంకెన్ని వస్తాయి?"

"జాతర అయ్యేదాక వస్తయి సార్."

ఆయన నోట్‌బుక్ తెరిచి ఏదో రాసుకుంటూ వెళ్ళిపోయారు. మూలన అంకె చూశాను. 231.