సరుకు అందని ఆర్డర్‌పై కార్డు డిస్ప్యూట్ లేఖ

దేవరకొండ, నల్గొండ జిల్లా
2025 అక్టోబర్ 6

క్రెడిట్ కార్డు డిస్ప్యూట్ విభాగం అధికారి గారికి,

విషయం: 4417తో ముగిసే నా కార్డుపై ఆగస్టు 28న పడిన రూ. 18,600 – సరుకు అందలేదు – చార్జ్‌బ్యాక్ కోసం వినతి.

అయ్యా,

నేను దేవరకొండలో టైలరింగ్ షాపు నడుపుతున్నాను. బతుకమ్మ, దసరా గిరాకీకి అందుతుందని ఆగస్టు 28న ఆన్‌లైన్‌లో పీకో మిషన్ ఒకటి ఆర్డర్ చేశాను (ఆర్డర్ నంబర్ 40718). ఓటీపీ కొట్టింది నేనే, కార్డు ఎవరూ వాడుకోలేదు. కాబట్టి దీన్ని ఫ్రాడ్ కేసుగా రాసుకుని కార్డు బ్లాక్ చేయకండి. డబ్బు పోయింది, మిషన్ రాలేదు. ఫిర్యాదు అంతే.

సెప్టెంబర్ 6న ట్రాకింగ్‌లో 'డెలివర్డ్' అని చూపించింది. ఆ రోజు పొద్దంతా షాపులోనే ఉన్నాను, ఎవరూ రాలేదు, ఫోనూ రాలేదు. నల్గొండలోని కొరియర్ ఆఫీసుకు వెళ్లి అడిగితే ఆ నంబర్ మీద వెళ్లిన పార్సిల్ వివరాలు ప్రింట్ తీసి ఇచ్చారు. బరువు 450 గ్రాములు, ఇచ్చిన ఊరు మిర్యాలగూడ. పీకో మిషన్‌ను ఒక మనిషి రెండు చేతులతో లేపాలి. అర కిలో కూడా లేని కవర్‌లో అది పట్టదు. ఈ ఒక్క కాగితం తప్పకుండా చూడండి.

అమ్మినవాళ్లు ఇచ్చిన జవాబులు ఇవి:

సెప్టెంబర్ 8, వాట్సాప్: "రేపు వస్తుంది మేడమ్."
సెప్టెంబర్ 12, వాట్సాప్: "ఇంకా దారిలో ఉంది." (డెలివర్డ్ అని చూపించిన ఆరు రోజులకు!)
సెప్టెంబర్ 17, మెయిల్: "మా రికార్డులో అందినట్టుంది, కొరియర్ వాళ్లను అడగండి."
సెప్టెంబర్ 22: ఆర్డర్ రద్దు చేసి డబ్బు వాపసు ఇవ్వమని మెయిల్ పెట్టాను. కొరియర్ ప్రింట్ కూడా జత చేశాను. అదే సాయంత్రం జవాబు: "అయిదు పనిదినాల్లో రీఫండ్ చేస్తాం."

రీఫండ్ పడలేదు. అక్టోబర్ 3న గుర్తు చేస్తే నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు లేదు. ఫోన్ స్విచ్ఛాఫ్.

లేట్ ఫీజు పడుతుందన్న భయంతో సెప్టెంబర్ బిల్లు గడువులోపే మొత్తం కట్టేశాను. కట్టాను కదా అని దీన్ని ఒప్పుకున్నట్టు అనుకోవద్దు. అమ్మినవాళ్ల బ్యాంకు ద్వారా చార్జ్‌బ్యాక్ వేసి రూ. 18,600 నా కార్డు ఖాతాలో జమ చేయండి. వాళ్లు డెలివరీ రుజువు అంటూ ఏదైనా పంపితే, కేసు మూసేముందు నాకు చూపించండి. అందులో సంతకం ఉంటే అది నాది కాదు.

ఫిర్యాదు నంబర్ ఎస్ఎంఎస్‌లో పంపగలరు. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు రాసుకుంటాను.

జతచేసినవి: ఆర్డర్ మెయిల్, ఇన్వాయిస్, సెప్టెంబర్ స్టేట్‌మెంట్, ట్రాకింగ్ స్క్రీన్‌షాట్, కొరియర్ ప్రింట్, తేదీలు కనిపించేలా వాట్సాప్ చాట్, మెయిళ్లు.

ఇట్లు,
కె. సుజాత
(మాట్లాడాలంటే బ్యాంకులో నమోదైన నంబర్‌కే చేయండి, మధ్యాహ్నం రెండు తర్వాత తీరిగ్గా ఉంటాను.)